వైఫై కలిసింది, నెట్ మాత్రం రాదు: డివైజ్‌ల పరిమితి ఉన్న హాట్‌స్పాట్ ప్లాన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

బహిరంగ స్థలాల్లో వాడుకునే హాట్‌స్పాట్ ప్లాన్‌లలో చాలావాటికి ఒక షరతు ఉంటుంది: ఒక ఖాతా మీద మూడో, నాలుగో, అయిదో డివైజ్‌లు, అంతే. ఆ షరతు ప్లాన్ వివరాల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొత్త ఫోన్ కొన్న రోజున అది ఎవరికీ గుర్తుండదు. కొత్త డివైజ్ వైఫైకి కలుస్తోంది గానీ నెట్ రావట్లేదనే ఫిర్యాదులు విని విని, ఒకే జవాబు పదిసార్లు రాసి, చివరికి అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## అసలు ఏం జరుగుతోంది

వైఫై గుర్తు నిండుగా ఉంది, కానీ ఏ పేజీ తెరుచుకోదు. ఇదెలా సాధ్యం?

వైఫైకి కలవడం, ఇంటర్నెట్ రావడం రెండూ వేర్వేరు మెట్లు. మీ ఫోన్ ముందుగా గోడమీది వైఫై పెట్టెతో మాట్లాడి దానికి కలుస్తుంది. తర్వాత ఒక ఐపీ అడ్రస్ తీసుకుంటుంది. లాగిన్ పేజీతో తెరిచి ఉండే వైఫైలో ఇంతవరకు ఖాతాతో పనిలేదు, ఎవరికైనా దొరుకుతుంది. గుర్తు నిండుగా కనిపించేది అందుకే. ఆ తర్వాతి మెట్టు మీద గేట్‌వే అనే కాపలాదారు ఉంటాడు. మీ ఫోన్‌ను చూసి, అది ఎవరి ఖాతాకు చెందిందో, ఆ ఖాతాలో ఇంకా చోటుందో లేదో సర్వర్‌ను అడుగుతాడు. సర్వర్ కాదంటే మీ ఫోన్ లోపలే ఉంటుంది, కానీ బయటికి పంపిన ప్రతి ప్యాకెట్టూ అక్కడే ఆగిపోతుంది. ఫోన్ దృష్టిలో ఏ తప్పూ జరగలేదు.

పరిమితి దాటిందని ఒక ముక్క చెప్పొచ్చు కదా, ఎందుకు మౌనంగా ఉంటుంది?

చెప్పే ఏర్పాటు లేక కాదు. చాలా హాట్‌స్పాట్‌లు వాడే రేడియస్ అనే పద్ధతిలో, కాదన్నప్పుడు కారణాన్ని ఒక వాక్యంగా పంపే వీలుంది. ఆ వాక్యాన్ని మీకు చూపించాల్సింది లాగిన్ పేజీ. పేజీ తయారుచేసినవారు ఆ పని వదిలేస్తే వాక్యం దారిలోనే పోతుంది. ప్లాన్‌లో ఒక్కసారి లాగిన్ అయ్యాక డివైజ్‌ను గుర్తుపెట్టుకునే పద్ధతి ఉంటే ఇంకా కష్టం, అక్కడ చూపడానికి పేజీయే రాదు.

మరో కారణం https. గేట్‌వే ఒక సాదా http పేజీని మాత్రమే పక్కకు మళ్లించి తన సందేశం చూపగలదు. ఇప్పుడు మనం తెరిచేవన్నీ దాదాపు https పేజీలే. వాటిని మధ్యలో మళ్లించబోతే బ్రౌజర్ భద్రతా హెచ్చరిక ఇస్తుంది, లేదంటే ఊరికే తిరుగుతూ ఉంటుంది. అందుకే బ్రౌజర్‌లో కూడా కారణం కనిపించదు.

అన్నింటికన్నా చిరాకు కలిగించే రకం ఇంకొకటుంది. ఇంటర్నెట్ ఉందో లేదో చూసుకోవడానికి ఫోన్ ఒక ప్రత్యేక చిరునామాను పలకరిస్తుంది. కొన్ని నెట్‌వర్క్‌లు లాగిన్ కిటికీ తనంతట తాను ఎగిరిరాకుండా ఆ చిరునామాను ముందే తెరిచి ఉంచుతాయి. అప్పుడు ఫోన్ "నెట్ ఉంది" అనుకుని మొబైల్ డేటాకు కూడా మారదు. మీరు మాత్రం తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ కూర్చుంటారు.

"మూడు డివైజ్‌లు" అంటే ఒకేసారి మూడా, మొత్తం మీద మూడా?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా ముందుకు వెళ్తే సగం శ్రమ వృథా. రెండు రకాలూ ఉన్నాయి, ప్రకటనలో రెండింటినీ ఒకే మాటతో చెబుతారు.

మొదటిది ఒకేసారి లెక్క. ఎన్ని డివైజ్‌లైనా ఉండొచ్చు, ఒక సమయంలో మూడే తిరగాలి. ఒకటి ఆపితే కాసేపట్లో చోటు ఖాళీ అవుతుంది. రెండోది నమోదు లెక్క. లాగిన్ అయిన ప్రతి డివైజ్ ఖాతా జాబితాలో ఎక్కి కూర్చుంటుంది. మీరు తీసేసేదాకా, లేదా సంస్థ పెట్టిన గడువు ముగిసేదాకా, అది సొరుగులో మూలపడి ఉన్నా సరే ఆ చోటు దానిదే.

తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పనిచేస్తున్న డివైజ్‌లన్నిటిలో వైఫై ఆపేసి, అరగంట ఆగి కొత్తదాన్ని కలపండి. నెట్ వచ్చిందంటే అది ఒకేసారి లెక్క. రాలేదంటే నమోదు లెక్క అయ్యే అవకాశమే ఎక్కువ.

కొత్తది కలిపితే పాతది తెగిపోతోంది, పాతది కలిపితే కొత్తది తెగుతోంది. ఇదేం విచిత్రం?

ఇదీ పరిమితే, తీరు వేరు. కొన్ని సర్వర్లు కొత్తదాన్ని ఆపకుండా అన్నింటికన్నా పాత సెషన్‌ను గెంటేస్తాయి. గెంటబడిన ఫోన్ ఊరుకోదు, తనంతట తాను మళ్లీ కలుస్తుంది, అప్పుడు ఇంకొకటి బయటికి పోతుంది. వీటి కుర్చీలాట సాగుతూనే ఉంటుంది. రెండు డివైజ్‌లలో కొద్ది నిమిషాల తేడాతో నెట్ వచ్చిపోతోందంటే సిగ్నల్‌ను తిట్టే ముందు లెక్క చూసుకోండి.

## కారణం పరిమితేనా అని తేల్చుకోవడం

సిగ్నల్ సమస్యో, పరిమితి సమస్యో నాకెలా తెలుస్తుంది?

ముందుగా వైఫై వివరాల్లో ఐపీ అడ్రస్ చూడండి. 169.254 తో మొదలైతే అసలు అడ్రసే దొరకలేదు. అది వేరే రోగం, ఖాతాతో సంబంధం లేదు. 10, 172, 192.168 లాంటి అంకెలతో మొదలైతే మొదటి రెండు మెట్లూ ఎక్కేశారు.

తర్వాత అదే చోట, అదే నిమిషంలో, అదే ఖాతాతో పాత డివైజ్‌లో నెట్ వస్తోందేమో చూడండి. పాతదానిలో వచ్చి కొత్తదానిలో రాకపోతే సిగ్నల్ మీద అనుమానం వదిలేయొచ్చు.

ఆఖరిగా కొత్తదానిలో బ్రౌజర్ తెరిచి `http://neverssl.com` అని టైపు చేయండి. ఇది కావాలనే https లేకుండా ఉంచిన పేజీ, కాబట్టి గేట్‌వే దీన్ని మళ్లించగలదు. లాగిన్ పేజీ వచ్చి, పాస్‌వర్డ్ ఇచ్చాక "లాగిన్ అయింది" అని చెప్పి, మళ్లీ అదే లాగిన్ పేజీకి తీసుకొస్తే పరిమితిని గట్టిగా అనుమానించండి. పాస్‌వర్డ్ తప్పయితే సాధారణంగా తప్పని చెబుతుంది, ఇలా గుండ్రంగా తిప్పదు.

ల్యాప్‌టాప్ అయితే ఇంకా సూటిగా చూడొచ్చు. విండోస్‌లో Command Prompt, మ్యాక్‌లో Terminal తెరిచి ఇది కొట్టండి:

```
curl -i http://connectivitycheck.gstatic.com/generate_204
```

జవాబు మొదటి వరుసలో 204 ఉంటే ఆ చిరునామా దాకా దారి తెరిచి ఉంది. 302 వస్తే, లేదా 200 తోపాటు ఏదో పేజీ వస్తే, గేట్‌వే మిమ్మల్ని లాగిన్ వైపు మళ్లిస్తోంది. ఏమీ రాకుండా సమయం ముగిసిపోతే ప్యాకెట్లను నిశ్శబ్దంగా పారేస్తోంది. 204 వచ్చినా మిగతా పేజీలు రాకపోతే, పరీక్ష చిరునామాను మాత్రమే తెరిచిపెట్టిన నెట్‌వర్క్ అన్నమాట.

లాగిన్ పేజీ అసలు రావడమే లేదు. అదీ పరిమితి వల్లేనా?

కాకపోవచ్చు. ముందు VPN ఆపి చూడండి. ఆండ్రాయిడ్‌లో Private DNS కు ప్రత్యేకంగా ఏదైనా పేరు ఇచ్చి ఉంటే దాన్ని Automatic కు మార్చండి. ఈ రెండూ గేట్‌వేను దాటి బయటి సర్వర్‌తోనే మాట్లాడతామని పట్టుబడతాయి, బయటికి దారి లేదు కాబట్టి లాగిన్ పేజీ కూడా రాదు. కొత్త ఫోన్‌కు పాత ఫోన్ సెట్టింగులన్నీ బదిలీ చేసుకున్నవారిలో ఇది తరచూ కనిపిస్తుంది. పాపం వాళ్లు డివైజ్‌ల జాబితా అంతా చెరిపేసి, ఆఖర్న VPN దగ్గర తేలతారు.

## జాబితా చదవడం

నా దగ్గర ఉన్నవి రెండే. జాబితాలో నాలుగు ఎలా వచ్చాయి?

సర్వర్ మీ ఫోన్‌ను పేరుతో గుర్తించదు, మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు సంఖ్యతో గుర్తిస్తుంది. ఒకప్పుడు అది ఫ్యాక్టరీలో వేసిన ముద్ర, మారేది కాదు. మనుషుల కదలికలను ఆ అడ్రస్‌తో వెంటాడుతున్నారని ఫోన్ తయారీదారులు దాన్ని దాచడం మొదలుపెట్టారు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్ ఒక్కో నెట్‌వర్క్ పేరుకు ఒక్కో కల్పిత అడ్రస్ చూపిస్తుంది. మంచి పనే. కాకపోతే పరిమితి ఉన్న ప్లాన్‌లో అడ్రస్ మారిన ప్రతిసారీ మీ పాత ఫోన్ కొత్త డివైజ్‌గా లెక్కకెక్కుతుంది.

అడ్రస్ మారే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మారుతుంది. ఐఫోన్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు రీసెట్ చేసినా మారుతుంది. ఐఓఎస్ 18 లో Private Wi-Fi Address కింద Rotating ఎంచుకుని ఉంటే ఎప్పటికప్పుడు దానంతట అదే మారుతుంది. చాలామంది కళ్లు కప్పేది మాత్రం ఇంకొకటి. కొన్ని హాట్‌స్పాట్ సంస్థలు ఒకే చోట రెండు పేర్లతో వైఫై ఇస్తాయి: ఒకటి లాగిన్ పేజీతో తెరిచి ఉండేది, ఇంకొకటి భద్రత ఉన్నది. పేరు మారితే కల్పిత అడ్రస్ కూడా మారుతుంది. ఒకే ఫోన్‌తో రెండింటికీ కలిసినవారికి రెండు చోట్లు పోయినట్టే.

ఏ అడ్రస్ అసలుదో, ఏది కల్పితమో చూడగానే చెప్పొచ్చా?

చెప్పొచ్చు. అడ్రస్‌లో రెండో అక్షరం చూడండి. అది 2, 6, A, E లలో ఒకటైతే కల్పిత అడ్రస్. DA తో మొదలైతే కల్పితం, 3C తో మొదలైతే ఫ్యాక్టరీది. "ఇది స్థానికంగా పెట్టుకున్న అడ్రస్" అని చెప్పే బిట్ ఆ అక్షరంలోనే ఉంటుంది కాబట్టి ఈ గుర్తు కుదురుతుంది. జాబితాలో ఇలాంటివి రెండు మూడు ఉన్నాయంటే అవన్నీ ఒకే ఫోన్ వేసిన వేషాలు కావచ్చు.

ఏది తీసేయాలో ఎలా తేల్చుకోవాలి? ఒక ఉదాహరణ చెప్పండి.

నా స్నేహితుడి ఖాతానే చెబుతాను. పరిమితి నాలుగు, నమోదు లెక్క. అతని దగ్గర ఫోన్, ల్యాప్‌టాప్, కొత్తగా కొన్న ట్యాబ్లెట్ ఉన్నాయి. మూడే కదా, ఇంకొకదానికి చోటుండాలి కదా అన్నది అతని వాదన. ట్యాబ్లెట్‌కు 10 తో మొదలయ్యే ఐపీ వచ్చింది, లాగిన్ పేజీ వచ్చింది, "విజయవంతం" అన్నది, మళ్లీ లాగిన్ పేజీకే వచ్చింది.

జాబితా తెరిస్తే నాలుగు అడ్రస్‌లు ఉన్నాయి. మొదటి రెండు అక్షరాలు చెబుతాను: 3C, DA, 5E, 96. 3C ఫ్యాక్టరీ అడ్రస్. ల్యాప్‌టాప్‌లో `ipconfig /all` కొట్టి, వైఫై కింద ఉన్న Physical Address తో పోల్చితే అదేనని తేలింది. మిగిలిన మూడూ కల్పితాలు. ఫోన్‌లో, కలిసి ఉన్న నెట్‌వర్క్ వివరాల్లో చూస్తే DA కనిపించింది. 5E ఎవరిదో అంతుపట్టలేదు. ఫోన్ గుర్తుపెట్టుకున్న నెట్‌వర్క్‌ల పట్టిక తిరగేస్తే అదే సంస్థ భద్రత ఉన్న వైఫై పేరు కూడా ఉంది. దానికి కలిపి చూస్తే అడ్రస్ 5E! రెండు నెలల కిందట ఒక్కసారి కలిపాడట, అదీ అతనికి గుర్తులేదు. 96 పాత ట్యాబ్లెట్‌ది. అది పగిలి చాలా రోజులైంది, కానీ జాబితాలో మాత్రం బతికే ఉంది.

96 తీసేశాం. ఫోన్‌లో లాగిన్ పేజీ రకాన్ని మరిచిపొమ్మని చెప్పి, భద్రత ఉన్న 5E ని ఉంచి, DA ని తీసేశాం. ట్యాబ్లెట్ లోపలికి వచ్చింది, ఇంకొక చోటు మిగిలింది కూడా. పోల్చి చూడకుండా తీసేసి ఉంటే ల్యాప్‌టాప్ కూడా జాబితాలోంచి పోయి ఉండేది.

## చోటు ఖాళీ చేయడం

జాబితా చూడాలంటే నెట్ కావాలి, నెట్ కోసమే కదా జాబితా చూడాలి?

నిజమే, ఈ చిక్కుముడిలో చాలామంది పడతారు. కొన్ని సంస్థల ఖాతా పేజీ లాగిన్‌కు ముందే తెరుచుకునేలా ఉంచుతారు. ముందు హాట్‌స్పాట్ మీదే ప్రయత్నించండి. కుదరకపోతే పనిచేస్తున్న పాత డివైజ్ నుంచో, మొబైల్ డేటా మీదో ఖాతాలోకి వెళ్లండి. ఫోన్‌లో మొబైల్ డేటా వాడుతుంటే వైఫై పూర్తిగా ఆపేయండి, లేకపోతే ఫోన్ పనికిరాని వైఫై మీదే వేలాడవచ్చు.

పాత డివైజ్‌ను తీసేశాను. కొత్తదానిలో ఇంకా రావట్లేదు. ఎందుకు?

జాబితాలోంచి పేరు కొట్టేయడం ఒకటి, నడుస్తున్న సెషన్ ముగియడం ఇంకొకటి. తీసేసిన డివైజ్ ఇంకా వైఫైకి కలిసి ఉంటే సర్వర్ దాన్ని లెక్కలో ఉంచవచ్చు. ముందు దానిలో వైఫై ఆపండి. కొత్తదాని విషయంలోనూ గేట్‌వే ఇందాకటి "కాదు" అనే జవాబును కాసేపు గుర్తుపెట్టుకోవచ్చు. కాబట్టి కొత్తదానిలో వైఫై ఆపి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ కలపండి. ఆ పదిహేను నిమిషాల్లో ఊరుకోలేక పదిసార్లు లాగిన్ నొక్కేవారున్నారు. కొన్నిచోట్ల అలా నొక్కితే ఖాతాకే కాసేపు తాళం పడుతుంది.

వైఫై ఆపేస్తే లాగౌట్ అయినట్టేనా?

కాదు. ఫోన్ వెళ్లిపోయిందన్న సంగతి చాలాచోట్ల గేట్‌వేకు ఎవరూ చెప్పరు. ఇంతసేపటిగా కదలిక లేదు కాబట్టి వెళ్లిపోయి ఉంటాడని అదే అనుకోవాలి. ఆ నిరీక్షణ కొన్ని నిమిషాలు కావచ్చు, గంటలూ కావచ్చు, అది సంస్థ పెట్టిన అంకె. ఒకేసారి లెక్క ఉన్న ప్లాన్‌లో ఈ దెయ్యం సెషన్లే చోటు తినేస్తాయి. లాగౌట్ బొత్తాం ఉన్న పేజీ దొరికితే, లేచి వెళ్లేముందు దాన్ని నొక్కండి.

పాత ఫోన్ అమ్మేశాను. దాని అడ్రస్ నాకు తెలియదు.

ఖాతా పేజీలో చివరిసారి కనిపించిన తేదీ ఉంటే దాంతో పట్టుకోవచ్చు. తేదీ లేకపోతే ఉన్నవాటిని ఒక్కొక్కటిగా పోల్చి పక్కన పెట్టండి, మిగిలినదే అమ్మిన ఫోన్. అన్నీ తీసేసి మళ్లీ నమోదు చేసుకోవడం సులువనిపిస్తుంది గానీ, నెలకు ఇన్నిసార్లే మార్చాలన్న షరతు కొన్ని ప్లాన్‌లలో ఉంటుంది. అది చూసుకోకుండా చేయకండి.

## మళ్లీ రాకుండా

కల్పిత అడ్రస్‌ను ఆపేయమంటారా?

ఈ ఒక్క నెట్‌వర్క్‌కు స్థిరంగా ఉంచితే చాలు. పూర్తిగా ఆపనక్కర్లేదు. ఐఫోన్‌లో నెట్‌వర్క్ పక్కనున్న గుర్తు నొక్కి Private Wi-Fi Address ను Fixed చేయండి. ఆండ్రాయిడ్‌లో మామూలుగా వచ్చే కల్పిత అడ్రస్ ఒక నెట్‌వర్క్ పేరుకు నిలకడగానే ఉంటుంది, అలాగే వదిలేయొచ్చు. తరచూ రీసెట్ చేసే ఫోన్ అయితే మాత్రం Use device MAC ఎంచుకోవడం మేలు, ఫోన్‌ను బట్టి ఈ పేరు కొంచెం మారుతుంది. విండోస్‌లో Random hardware addresses దగ్గర Change daily ఉంటే అది తీసేయండి. రోజుకొక కొత్త డివైజ్‌ను మీరే పుట్టిస్తున్నట్టు లెక్క.

ఒక హెచ్చరిక. ఈ సెట్టింగ్ మార్చడమే అడ్రస్‌ను మార్చేస్తుంది, అంటే ఇంకొక చోటు పోతుంది. ముందు పాత నమోదు తీసేసి, ఆ తర్వాత మార్చండి.

చిన్న రౌటర్ పెట్టి అన్నిటినీ దాని వెనక కలిపేయొచ్చా?

సాంకేతికంగా కుదురుతుంది. ప్రయాణాల్లో వాడే చిన్న రౌటర్ హాట్‌స్పాట్‌కు ఒకే డివైజ్‌గా కనిపిస్తుంది, దాని వెనక మీ వైఫై మీదే. దాని వెనకున్న ఫోన్‌లోనే లాగిన్ పేజీ తెరిచి ఒకసారి లాగిన్ అయితే అన్నింటికీ వస్తుంది. ల్యాప్‌టాప్ నుంచి నెట్ పంచడమూ ఇలాంటిదే. అయితే కొన్ని ప్లాన్‌ల నిబంధనలు దీన్ని స్పష్టంగా నిషేధిస్తాయి, కొన్ని నెట్‌వర్క్‌లు కనిపెట్టి ఆపేస్తాయి కూడా. నిబంధన ఒప్పుకుంటే నా ఓటు దీనికే, ముఖ్యంగా టీవీ, గేమ్ కన్సోల్ లాంటి లాగిన్ పేజీ సరిగా తెరవలేని డివైజ్‌లకు.

సహాయ కేంద్రానికి ఏం చెబితే త్వరగా పని అవుతుంది?

"నెట్ రావట్లేదు" అంటే ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయమంటారు, అక్కడితో ఇరవై నిమిషాలు పోతాయి. ఇలా చెప్పండి: "నా ఖాతాలో కొత్త డివైజ్ వైఫైకి కలుస్తోంది, ఐపీ వస్తోంది, లాగిన్ తర్వాత నెట్ రావట్లేదు. పాత డివైజ్‌లో అదే చోట పనిచేస్తోంది. నా ఖాతా మీద ఎన్ని మ్యాక్ అడ్రస్‌లు నమోదై ఉన్నాయో, ఎన్ని సెషన్లు తెరిచి ఉన్నాయో చూసి చెప్పండి." కొత్త డివైజ్ మ్యాక్ అడ్రస్, ప్రయత్నించిన సమయం పక్కన రాసి ఉంచుకోండి. ఆ రెండూ ఉంటే వారు సర్వర్ లాగ్‌లో ఎందుకు కాదందో వెతికి పట్టుకోగలరు. మ్యాక్ అడ్రస్‌ను హాట్‌స్పాట్‌కు కలిసి ఉన్నప్పుడు ఆ నెట్‌వర్క్ వివరాల్లోంచే చదవాలి. ఫోన్ గురించిన పేజీలో ఉండేది వేరేది కావచ్చు, అది చెబితే వాళ్ల లాగ్‌లో ఎక్కడా కనిపించదు.